హాలు కెమెరా దానంతట అదే తిరిగిన కేసు: పోర్ట్ ఫార్వార్డింగా, క్లౌడ్ రిలేనా?

నేపథ్యం

ఒక సొంత ఇల్లు. గేటు మీద ఒకటి, పెరటి వైపు ఒకటి, కేబుల్‌తో బిగించిన రెండు బయటి కెమెరాలు. హాల్లో వైఫై మీద పనిచేసే, అటూ ఇటూ తిరిగే కెమెరా ఇంకొకటి. మూడూ ఒకే రికార్డర్‌లో రికార్డవుతాయి. పగటిపూట ఇంట్లో ఉండేది పెద్దావిడ ఒక్కరే. ఉద్యోగాలకు వెళ్లిన కొడుకూ కోడలూ మధ్యమధ్యలో ఫోన్లో చూసుకుంటారు. హాలు కెమెరా పెట్టిందే ఆవిడ కోసం. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు, పరికరాల బ్రాండ్లు తీసేశాం. కింద కనిపించే ఐపీ అడ్రస్‌లు కూడా అసలువి కావు.

బ్రాడ్‌బ్యాండ్ డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్. బయటి నుంచి కెమెరా చూసేటప్పుడు వీడియో ఇంట్లోంచి బయటికి వెళ్తుంది కాబట్టి లెక్కలోకి వచ్చేది ఆ 10 మాత్రమే. బయటి కెమెరాల మెయిన్ స్ట్రీమ్, అంటే పూర్తి నాణ్యత వీడియో, ఒక్కొక్కటి 4 ఎంబీపీఎస్, హాలు కెమెరాది 2.

కెమెరాలు బిగించినవాళ్లు రిమోట్ వ్యూ కోసం పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టి వెళ్లారు. రౌటర్‌లో మూడు రూల్స్ ఉన్నాయి: వెబ్ పేజీకి 80, వీడియో స్ట్రీమ్‌కి 554, మొబైల్ యాప్‌కి 8000. ఇంటి పబ్లిక్ ఐపీకి ఈ మూడు పోర్టుల్లో ఏది తగిలినా రౌటర్ ఏమీ అడగకుండా నేరుగా రికార్డర్‌కి అందిస్తుంది. వచ్చినవాళ్లెవరో తేల్చే పని మొత్తం రికార్డర్‌దే. ఈ పద్ధతి బలమంతా ఆ ఒక్క పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్ ఎంత గట్టిదో అంతే.

సమస్య

మాకు మొదట వచ్చిన ఫిర్యాదు భద్రత గురించి కాదు. సాయంత్రాలు యాప్‌లో వీడియో ఆగి ఆగి వస్తోందని, ఒక్కోసారి ఎక్కువమంది చూస్తున్నారన్న మెసేజ్ వస్తోందని చెప్పారు. చూసేది ఇద్దరే. చివర్లో, పెద్దగా పట్టించుకోనట్టే, "హాల్లో కెమెరా దానంతట అదే అమ్మ మంచం వైపు తిరుగుతోందండీ, మోటారు పాడైందేమో" అన్నారు.

మోటారు పాడైన కెమెరా సాధారణంగా ఒక చివరికి పోయి టకటకమంటుంది, లేదా రీస్టార్ట్ అయినప్పుడు మాత్రమే ఓ చుట్టు తిరిగి మొదటి చోటికి వస్తుంది. మనిషి ఉన్న వైపు తిరిగి అక్కడే నిలబడటం దాని లక్షణం కాదు. మనిషిని వెంబడించే ఆటో ట్రాకింగ్ ఆన్‌లో ఉంటే అలా జరగొచ్చు; చూస్తే అది ఆఫ్‌లోనే ఉంది. అక్కడితో ఇది స్పీడ్ సమస్య అన్న ఆలోచన పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఏం చూశాం, ఏం అర్థమైంది

రౌటర్‌లోని ట్రాఫిక్ గ్రాఫ్‌తో మొదలుపెట్టాం. ఇద్దరి ఫోన్లలోనూ యాప్ మూసేయించి చూస్తే కూడా అప్‌లోడ్ 8 ఎంబీపీఎస్ దగ్గర గీత గీసినట్టు నిలబడి ఉంది. ఎవరూ చూడనప్పుడు అది సున్నాకి దగ్గరగా ఉండాలి. 8 అంటే సరిగ్గా రెండు బయటి కెమెరాల మెయిన్ స్ట్రీమ్. ఎవరో ఆ రెంటినీ బయటి నుంచి చూస్తూనే ఉన్నారు. మిగిలిన 2 ఎంబీపీఎస్‌లో ఇంటివాళ్ల వీడియో ఆగకుండా ఎలా వస్తుంది?

తర్వాత రికార్డర్ లాగ్. అందులో ఇంటివాళ్ల `admin` లాగిన్లతో పాటు ఇంకో యూజర్ పేరుతో, తెలియని ఐపీల నుంచి లాగిన్లు ఉన్నాయి. యూజర్ల జాబితా తెరిస్తే ఆ రెండో అకౌంట్ కనిపించింది. ఇంట్లో ఎవరూ దాన్ని పెట్టలేదు, బిగించినవాళ్లు ఇచ్చిన కాగితంలోనూ లేదు. హాలు కెమెరా తిరిగింది కూడా ఆ అకౌంట్ లాగిన్ అయి ఉన్న సమయాల్లోనే.

ఈ లాగ్‌లో ఉన్నవాటికంటే లేనిది ఎక్కువ చెప్పింది. పాస్‌వర్డ్ ఊహించి లోపలికి వచ్చి ఉంటే, ఆ అకౌంట్ పుట్టడానికి ముందు తప్పు పాస్‌వర్డ్ ఎంట్రీలు వరసగా ఉండాలి, కొన్ని తప్పుల తర్వాత రికార్డర్ లాక్ కూడా అయి ఉండాలి. అలాంటివి ఒక్కటీ లేవు. అంటే ఎక్కువ అవకాశం ఉన్నవి రెండు దారులు. ఒకటి, ఫర్మ్‌వేర్‌లోని, అంటే రికార్డర్ లోపలి సాఫ్ట్‌వేర్‌లోని లోపంతో పాస్‌వర్డ్ అవసరం లేకుండానే వచ్చారు. రెండు, 80 మీద నడిచే వెబ్ పేజీలో ఎన్‌క్రిప్షన్ లేదు కాబట్టి ఎక్కడో బయటి వైఫైలో లాగిన్ అయినప్పుడు పాస్‌వర్డ్ చేజిక్కింది. ఈ రెంటిలో ఏదన్నది లాగ్‌తో తేలదు. తేలాల్సిన అవసరమూ రాలేదు, ఎందుకంటే రెండింటికీ మందు ఒకటే: ఆ పేజీ ఇంటర్నెట్‌కి కనిపించకూడదు.

పాస్‌వర్డ్ లేకుండా రావడం అరుదైన సంగతి అనుకోవద్దు. 2021 సెప్టెంబర్‌లో బయటపడ్డ `CVE-2021-36260` అనే లోపం హైక్‌విజన్ కెమెరాల వెబ్ సర్వర్‌లో ఉండేది. వెబ్ పోర్టు అందుబాటులో ఉంటే చాలు, యూజర్ పేరూ పాస్‌వర్డూ లేకుండా కెమెరా మీద కమాండ్లు నడపొచ్చు. అదే ఏడాది డాహువా పరికరాల్లో లాగిన్‌నే దాటవేసే `CVE-2021-33044` బయటికి వచ్చింది. ఇలాంటప్పుడు పన్నెండు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టినా, ఇరవై పెట్టినా తేడా లేదు. ఆ ప్రశ్న అడిగే చోటికే వాళ్లు వెళ్లరు.

చేసి చూసినవి, పనికిరానివి

మా దగ్గరికి రాకముందే ఇంటివాళ్లు `admin` పాస్‌వర్డ్ ఒకసారి మార్చారు. వారం తిరక్కముందే కెమెరా మళ్లీ తిరిగింది. కారణం ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది: రెండో అకౌంట్ అలాగే ఉంది, దానికి వేరే పాస్‌వర్డ్ ఉంది.

ఆ తర్వాత తెలిసినవాళ్లెవరో చెప్పారని బయటి పోర్టు నంబర్లు మార్చారు. 80 బదులు 58080, 554 బదులు 50554, ఇలా. రౌటర్ లాగ్ మామూలు పోర్టుల మీద తడిమే స్కానర్లతో నిండి ఉంటుంది కాబట్టి ఈ మార్పు తర్వాత ఆ రద్దీ తగ్గింది. దాంతో సమస్య తీరిందనిపించింది. కానీ నంబరు మార్చడం దాక్కోవడమే అవుతుంది. 2013లో విడుదలైన జెడ్‌మ్యాప్ అనే స్కానర్ గిగాబిట్ కనెక్షన్ ఉన్న ఒక్క కంప్యూటర్ నుంచి ఐపీవీ4 చిరునామాల ప్రపంచం మొత్తాన్ని ఒక పోర్టు మీద 45 నిమిషాల లోపు చూసేస్తుంది. ఒక ఇంటి 65,535 పోర్టులు చూడటం దాని ముందు ఎంత పని? పైగా రికార్డర్ ఏ పోర్టు మీదున్నా లాగిన్ పేజీ హెడర్‌లో తన రకం తనే చెప్పేస్తుంది.

మూడో ఆలోచన మాది: కొన్ని ఐపీల నుంచి వచ్చినవాళ్లనే రౌటర్ లోపలికి వదిలేలా రూల్ పెట్టడం. ఆఫీసు ఐపీ మారదు కాబట్టి అక్కడి నుంచి బాగా పనిచేసింది. మొబైల్ డేటాలో మాత్రం ఫోన్ ఐపీ రోజుకో తీరుగా మారుతుంది. అది వచ్చే పరిధి మొత్తాన్ని అనుమతిస్తే, అదే కంపెనీ నెట్ వాడే లక్షలమందికి దారి ఇచ్చినట్టే. ఎప్పుడూ ఒకే స్థిరమైన చోటి నుంచి చూసేవాళ్లకి ఇది మంచి పద్ధతి. ఈ ఇంటికి కుదరలేదు.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ హాలు కెమెరాకి దొరికింది. రికార్డర్‌కి తయారీదారు కొత్తవి ఇవ్వడం ఆపేశారు. అప్‌డేట్ రాని పెట్టెను నేరుగా ఇంటర్నెట్ ముందు నిలబెట్టకూడదన్న నిర్ణయం దీంతో ఖాయమైంది. పోర్ట్ ఫార్వార్డింగ్ పూర్తిగా తీసేయాలి, బదులుగా తయారీదారు సర్వర్ సాయంతో నడిచే క్లౌడ్ రిలేకి మారాలి.

మూయడం, తుడవడం

తీసేయడంలో వరస ముఖ్యం. ముందు లాగ్ ఫైల్ యూఎస్‌బీలోకి ఎగుమతి చేసి దాచాం, ఎందుకంటే ఫ్యాక్టరీ రీసెట్ దాన్ని తుడిచేస్తుంది. ఫిర్యాదు చేయాలనుకుంటే ఇంటివాళ్ల చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. ఆ తర్వాత రౌటర్‌లో మూడు రూల్స్ తీసేసి, బయటి నుంచి పరీక్షించాం. పరీక్ష ఇంటి వైఫై నుంచి చేస్తే ఫలితం నమ్మలేం. రౌటర్ తన పబ్లిక్ ఐపీని లోపలి నుంచి ఒకలా, బయటి నుంచి ఒకలా చూపించొచ్చు. అందుకే ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, మొబైల్ డేటా మీద, ఇంటి పోర్టులన్నీ తట్టి చూసే ఈ స్కాన్ నడిపాం:

```
nmap -Pn -p- 203.0.113.27
```

జవాబు రాని పోర్టులు చాలా ఉంటే ఇది గంటలు కూడా తీసుకోవచ్చు, కానీ సగంలో ఆపకూడదు. ఈ ఇంట్లో చివరికి వచ్చిన జవాబు ఇది:

```
8081/tcp open
```

ఆ నంబరు ఎవరూ పెట్టిన రూల్‌లో లేదు. రౌటర్ పేజీలో `UPnP` జాబితా తెరిస్తే హాలు కెమెరా తన 80ని బయట 8081గా తనే తెరిపించుకుని ఉంది. ఈ సౌకర్యం ఆన్‌లో ఉంటే ఇంట్లోని ఏ పరికరమైనా రౌటర్‌ని అడిగి పోర్టు తెరిపించుకోగలదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. పోర్ట్ ఫార్వార్డింగ్ పేజీ ఖాళీగా ఉంది కాబట్టి అంతా మూసేశామనుకునేవాళ్లు చాలామంది పొరపడేది ఇక్కడే. రౌటర్‌లో `UPnP` ఆఫ్ చేసి, కెమెరాలోనూ ఆఫ్ చేసి, పాత తెరుపులు మిగలకుండా రౌటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ స్కాన్ చేస్తే ఏదీ తెరిచి లేదు.

రికార్డర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి అన్నీ చేత్తో మళ్లీ పెట్టాం. పాత సెట్టింగుల బ్యాకప్ ఉంది గానీ వాడలేదు. దాంట్లోంచి ఆ దొంగ అకౌంట్ కూడా తిరిగి వచ్చేస్తుంది. ఇంకో పని తేలిగ్గా మర్చిపోయేది: రికార్డర్ తన దగ్గర దాచుకున్న ఇతర పాస్‌వర్డ్‌లు. అలర్ట్ మెయిళ్లు పంపడానికి ఈ రికార్డర్‌లో కొడుకు ఈమెయిల్ పాస్‌వర్డ్, పబ్లిక్ ఐపీ మారినప్పుడు పేరు అప్‌డేట్ చేసే సర్వీస్ పాస్‌వర్డ్, హాలు కెమెరాలో వైఫై పాస్‌వర్డ్ ఉన్నాయి. లోపలికి వచ్చినవాడికి అవన్నీ తెలిసినట్టే లెక్క వేసి మూడూ మార్పించాం. ఈమెయిల్‌కి అసలు పాస్‌వర్డ్ బదులు ఆ ఒక్క పనికే వేరుగా తీసుకునే యాప్ పాస్‌వర్డ్ పెట్టాం, రేపు అవసరమైతే దాన్నొక్కదాన్నే రద్దు చేయొచ్చు.

రిలేకి మారడం

క్లౌడ్ రిలేలో దిశ తిరగబడుతుంది. రికార్డర్ తనే బయటికి వెళ్లి తయారీదారు సర్వర్‌తో కనెక్షన్ పట్టుకుని, అది తెగకుండా కొద్ది సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ పంపుతూ ఉంటుంది. ఫోన్‌లోని యాప్ కూడా అదే సర్వర్ దగ్గరికి వెళ్తుంది. సర్వర్ మొదట ఇద్దరినీ నేరుగా కలపడానికి చూస్తుంది. కుదరకపోతే వీడియో తన గుండానే నడిపిస్తుంది. ఇంటి రౌటర్‌లో బయటివాళ్ల కోసం తెరిచిన పోర్టు ఒక్కటీ ఉండదు కాబట్టి స్కానర్లకి ఈ ఇల్లు కనిపించదు. ఈ ఇంటికి కావాల్సింది ముందుగా ఇదే. అప్‌డేట్ రాని రికార్డర్‌లో లోపాలు అలాగే ఉన్నా, వాటిని బయటి నుంచి నేరుగా తాకే దారి మూసుకుపోతుంది.

ఆన్ చేసిన రోజు వీడియో మళ్లీ ఆగింది. ఈసారి కారణం మామూలుదే: యాప్ మొబైల్ డేటాలో కూడా మెయిన్ స్ట్రీమ్ అడుగుతోంది. వీడియో నేరుగా వస్తోందా, సర్వర్ గుండానా తేల్చడానికి ఫోన్‌లో మొబైల్ డేటా పబ్లిక్ ఐపీ చూసి పెట్టుకుని, వీడియో నడుస్తుండగా రౌటర్ కనెక్షన్ల జాబితాలో రికార్డర్ నుంచి పెద్దగా పోతున్న ప్రవాహం ఎక్కడికో చూశాం. అది ఫోన్ ఐపీకి కాదు, వేరే చోటికి వెళ్తోంది. అంటే సర్వర్ గుండానే. మొబైల్ నెట్‌వర్క్‌లలో చాలా ఫోన్లు ఒకే ఐపీ వెనక ఉంటాయి కాబట్టి నేరుగా కలపడం తరచుగా కుదరదు. బయటి రెండు కెమెరాల సబ్ స్ట్రీమ్‌ని, అంటే తక్కువ నాణ్యత వీడియోని, 640×360, సెకనుకి 12 ఫ్రేములు, 512 కేబీపీఎస్‌కి పెట్టి, యాప్‌లో అదే మొదటి ఎంపికగా చేశాం. ఇప్పుడు ఇద్దరూ రెండు కెమెరాలు ఒకేసారి చూసినా మొత్తం 2 ఎంబీపీఎస్. రికార్డయ్యేది మాత్రం మెయిన్ స్ట్రీమే, కాబట్టి గేటు దగ్గర ముఖం గుర్తుపట్టాల్సి వస్తే నాణ్యత పోలేదు.

రిలేతో అపాయం పోదు, చోటు మారుతుంది. ఇప్పుడు తాళం రికార్డర్ పాస్‌వర్డ్ కాదు, క్లౌడ్ అకౌంట్. వేరే చోట వాడిన పాస్‌వర్డే ఇక్కడా ఉంటే, అక్కడ లీకైన రోజు ఇక్కడా తెరుచుకుంటుంది. కొడుకుదీ కోడలిదీ అప్పటిదాకా ఒకే లాగిన్. దాన్ని విడదీసి, ఒకరు ఓనర్‌గా ఉండి రెండోవారికి చూడటానికి మాత్రమే షేర్ చేసేలా పెట్టాం. రెండు అకౌంట్లకీ టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, లాగిన్ అయి ఉన్న ఫోన్ల జాబితాలో పాత ఫోన్‌ని తీసేశాం. రికార్డర్ అడుగున ఉండే స్టిక్కర్‌లో సీరియల్ నంబరు, క్యూఆర్ కోడ్, వెరిఫికేషన్ కోడ్ మూడూ అచ్చై ఉంటాయి. దాన్ని ఫొటో తీసి ఎక్కడికీ పంపొద్దని చెప్పి, కోడ్‌ని మార్చాం.

ఆ గుర్తింపు నంబరు ఎంత సున్నితమో 2021 ఆగస్టులో బయటపెట్టిన `CVE-2021-28372` చూపించింది. కలే అనే పేరున్న, అనేక బ్రాండ్ల కెమెరాల్లో వాడే కనెక్షన్ వ్యవస్థలో, పరికరం నంబరు తెలిసినవాడు తనే ఆ పరికరాన్నని సర్వర్‌ని నమ్మించగలిగేవాడు. తర్వాత ఓనర్ యాప్ తెరిచినప్పుడు అతని లాగిన్ వివరాలు ఆ దొంగకి చేరేవి. ఇంట్లో ఒక్క పోర్టూ తెరవకపోయినా జరగగలిగేది ఇది.

మధ్యలో ఉన్నవాడి పొరపాటూ లెక్కలోకి రావాలి. 2024 ఫిబ్రవరిలో వైజ్ కంపెనీ సర్వర్లు ఆగి మళ్లీ లేచినప్పుడు సుమారు 13,000 మందికి తమవి కాని కెమెరాల చిత్రాలు కనిపించాయి. ఆ కెమెరాల ఓనర్లెవరూ పాస్‌వర్డ్ పోగొట్టుకోలేదు. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రింగ్ మీద పెట్టిన కేసులో ప్రధాన ఆరోపణ, ఉద్యోగులకీ కాంట్రాక్టు సిబ్బందికీ వినియోగదారుల వీడియోలు చూసే వీలు ఉండటం. ఈ ఇంటి యాప్‌లో వీడియో ఎన్‌క్రిప్షన్ అని ఒక స్విచ్ ఉంది. ఆన్ చేసి, రెండో ఫోన్‌లో కావాలని తప్పు కోడ్ కొడితే బొమ్మ రాలేదు. అది మంచి సంకేతమే. అయితే ఆ కోడ్ సర్వర్‌కి తెలియకుండా ఉంటుందా అన్నది మనం బయటి నుంచి రుజువు చేయలేం, తయారీదారు మాట మీద ఆధారపడాలి.

హాలు కెమెరా విషయం వేరు

ఇక్కడే రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవడమన్న ప్రశ్న నిలబడలేదు. గేటు వీడియో ఒకవేళ బయటపడితే వీధిలో నడిచేవాళ్లు కనిపిస్తారు. హాల్లోది బయటపడితే ఒక పెద్దావిడ నిద్ర, మందులు వేసుకునే వేళ, ఇంట్లో ఒంటరిగా ఉండే గంటలు పరాయివాళ్లకి తెలుస్తాయి. మొదటిదాన్ని ఒక కంపెనీ మాట మీద వదలొచ్చు. రెండోదాన్ని వదలకూడదనుకున్నాం, ఇంటివాళ్లకి చెప్పినప్పుడు వాళ్లూ అదే అన్నారు.

మొదట ఎదురైన చిక్కు: హాలు కెమెరా రికార్డర్‌లో మూడో చానల్. దాని సొంత క్లౌడ్ ఆపినా, రికార్డర్ క్లౌడ్ యాప్‌లో మూడు చానళ్లూ కనిపిస్తూనే ఉన్నాయి. షేర్ చేసేటప్పుడు చానల్ దాచొచ్చు గానీ ఓనర్ అకౌంట్‌కి అది కనిపించక మానదు. అందుకని దాన్ని రికార్డర్ నుంచి తీసేసి, కెమెరాలోనే 128 జీబీ మెమరీ కార్డ్ వేశాం. 2 ఎంబీపీఎస్ అంటే రోజుకి సుమారు 21.6 జీబీ, కాబట్టి ఐదు రోజులకి పైగా నిలుస్తుంది. నిరంతరం రాసే పని కాబట్టి సీసీటీవీ వాడకానికి తయారైన కార్డే కావాలి, మామూలువి త్వరగా పోతాయి.

కెమెరాలన్నిటికీ రౌటర్‌లో వేరే నెట్‌వర్క్ పెట్టాం: `192.168.73.0/24`. అందులోంచి ఇంటి కంప్యూటర్లకి దారి లేదు. ఇంటి ఫోన్ల నుంచి అందులోకి దారి ఉంది. రికార్డర్‌కి ఇంటర్నెట్ ఉంది, హాలు కెమెరాకి లేదు. ఆ కెమెరాని బయటి నుంచి చూడటానికి ఫోన్‌కీ ఇంటికీ మధ్య ఎన్‌క్రిప్ట్ చేసిన దారి వేసే వైర్‌గార్డ్ వీపీఎన్‌ని రౌటర్‌లోనే ఆన్ చేసి, ఒక్కో ఫోన్‌కి ఒక్కో కీ ఇచ్చాం. ఫోన్ వైపు సెట్టింగు ఇంతే, కీలు ఇక్కడ తీసేశాం:

```
[Interface]
Address = 10.8.0.2/32
PrivateKey = ...

[Peer]
PublicKey = ...
Endpoint = home.example.net:51820
AllowedIPs = 192.168.73.0/24
PersistentKeepalive = 25
```

పోర్ట్ ఫార్వార్డింగ్ వద్దని చెప్పి మళ్లీ 51820 ఎందుకు తెరిచారన్నది న్యాయమైన ప్రశ్న. తేడా ఆ పోర్టు వెనక ఏముందన్నదే. రికార్డర్ వెబ్ పేజీ అడిగిన ప్రతివాడికీ జవాబిస్తుంది, తన పేరూ రకమూ చెబుతుంది. వైర్‌గార్డ్ సరైన కీతో రాని ప్యాకెట్‌కి అసలు బదులివ్వదు. స్కానర్‌కి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. ఊహించడానికి పాస్‌వర్డ్ లేదు. ఫోన్ పోతే రౌటర్‌లో ఆ ఒక్క కీ తీసేస్తే సరిపోతుంది. రౌటర్ ఫర్మ్‌వేర్‌కి అప్‌డేట్లు వస్తూనే ఉండాలన్న షరతు మాత్రం దీనికి ఉంది.

`AllowedIPs`లో కెమెరాల పరిధి ఒక్కటే ఇవ్వడం వల్ల ఫోన్‌లోని మిగతా ట్రాఫిక్ ఇంటి గుండా తిరగదు. ఆ పరిధిని 73గా ఎంచుకోవడానికి కారణముంది. కెమెరాల పరిధీ, ఆఫీసు వైఫై పరిధీ రెండూ `192.168.1.x` అయితే ఫోన్ కెమెరాని ఆఫీసులోనే వెతుకుతుంది, వీపీఎన్ కలిసినట్టు చూపిస్తూనే వీడియో రాదు. చాలా రౌటర్లు 0 లేదా 1 వాడతాయి కాబట్టి దూరంగా ఉండే సంఖ్య మంచిది.

ఇంటర్నెట్ ఆపేశాక బయటపడ్డ చిన్న లోపం ఒకటుంది. కొద్ది రోజులకి హాలు వీడియో మీద సమయం నిమిషాల తేడాతో కనిపించింది. కెమెరా గడియారం సరిచేసుకునే సర్వర్ దానికి ఇక అందడం లేదు. రౌటర్‌లో ఎన్‌టీపీ సర్వర్ ఆన్ చేసి, కెమెరాలో ఆ చిరునామాగా `192.168.73.1` ఇస్తే సర్దుకుంది. ఇంటర్నెట్ లేకపోతే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యే కెమెరాలు, వీడియోని నేరుగా అందించే ఆర్‌టీఎస్‌పీ లేదా ఆన్‌విఫ్ పద్ధతులు లేక క్లౌడ్ తప్ప ఇంకే దారీ లేని కెమెరాలు కూడా ఉన్నాయి. అలాంటిదైతే ఈ పద్ధతి కుదరదు. పడక, హాలు లాంటి చోట్ల అలాంటి కెమెరాని పెట్టకపోవడమే సరైనది.

ఇంకో ఇంట్లో ఇదే పనికి దిగితే

మొదట చూడాల్సింది రౌటర్ స్టేటస్ పేజీలోని వ్యాన్ ఐపీ, అంటే రౌటర్‌కి ఇంటర్నెట్ వైపు ఉన్న ఐపీ. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, లేదా బయటి వెబ్‌సైట్ చూపించే ఐపీతో కలవకపోతే, చాలా ఇళ్లు ఒకే పబ్లిక్ ఐపీ పంచుకునే సీజీనాట్ వెనక ఆ ఇల్లు ఉన్నట్టు. అక్కడ పోర్ట్ ఫార్వార్డింగ్ రూల్ ఎన్నిసార్లు రాసినా పనిచేయదు, పైన చెప్పిన వైర్‌గార్డ్ కూడా ఐపీవీ4 మీద కలవదు. రిలే మాత్రం పనిచేస్తుంది. వీపీఎనే కావాలంటే ఇంటి వైపు నుంచే బయటికి కనెక్షన్ పట్టుకునే రకాన్ని ఎంచుకోవాలి, లేదా పబ్లిక్ ఐపీ అడిగి తీసుకోవాలి.

కొత్త తరం ఐపీ చిరునామాలైన ఐపీవీ6 ఉన్న ఇంట్లో కెమెరాకి 2 లేదా 3తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే, అది ప్రపంచమంతటికీ చెందిన చిరునామా. దానికి ఫార్వార్డింగ్ అవసరమే లేదు. రౌటర్‌లోని ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆఫ్‌లో ఉంటే, పోర్టులన్నీ మూశామనుకున్న కెమెరా నేరుగా బయట నిలబడి ఉంటుంది. ఈ ఇంట్లో ఐపీవీ6 రాలేదు గానీ, స్కాన్ చేసేటప్పుడు `nmap -6`తో కెమెరా చిరునామాని కూడా చూడటం తప్పనిసరి చేసుకోవాలి.

ఈ ఇంట్లో ఇంకా తీరని విషయం రికార్డర్. అది రిలే మీద బతుకుతోంది. పాత మోడల్ కాబట్టి తయారీదారు ఆ సర్వర్‌ని ఎప్పుడైనా ఆపొచ్చు. ఆ రోజు వస్తే మళ్లీ ఎవరైనా పోర్టు 8000 తెరవకుండా, ఏం చేయాలో రాసి రౌటర్ పక్కనే అతికించాం: రికార్డర్‌కి ఇంటర్నెట్ ఆపడం, ఫోన్లలో ఉన్న వైర్‌గార్డ్ ఆన్ చేసి యాప్‌లో క్లౌడ్ పేరు బదులు `192.168.73.10` ఇవ్వడం. ఆ పరిధి ఇప్పటికే `AllowedIPs`లో ఉంది కాబట్టి ఫోన్లలో ఇంకేమీ మార్చనక్కర్లేదు.